రాయనివ్వని కార్డు: వద్దంటున్నది ఎవరు?

"మామయ్యా, ఈ చిప్పులోంచి ఏం తీసేసినా మళ్లీ వచ్చేస్తోంది" అంటూ మా అక్క పెద్ద కూతురు వేలిగోరంత నల్ల కార్డుని నా కౌంటర్ మీద పెట్టింది. 32 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు అది. వాళ్ల చెల్లెలి ఓణీల ఫంక్షన్ ఫోటోలు అందులోనే ఉన్నాయి. వాటితో పాటు పనికిరాని వీడియోలు, పండగ శుభాకాంక్షల బొమ్మలు కొల్లలుగా పేరుకుపోయాయి. చోటు చాలక ఒక సాయంత్రం కూర్చుని నాలుగైదు వందలు తీసేసిందట. తీసేసినట్టే చూపించింది. మర్నాడు ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మళ్లీ తీసింది, మళ్లీ వచ్చాయి. విసుగెత్తిన మా బావ ఎవరికీ చెప్పకుండా ఫార్మాట్ నొక్కేశాడు. ఫార్మాట్ పూర్తయిందని ఫోన్ చెప్పింది. కార్డు తీసి మళ్లీ పెడితే ఒక్క ఫోటో కూడా పోలేదు.

కంప్యూటర్ సర్వీస్ కొట్టు పెట్టుకుని నాకు ఇరవై ఏళ్లు దాటింది. పెన్‌డ్రైవ్ రాయనివ్వడం లేదనీ, మెమరీ కార్డు లాక్ అయిందనీ వచ్చేవాళ్లు వారానికి ఒక్కరైనా ఉంటారు. వాళ్లలో చాలామంది ఇంటర్నెట్లో దొరికిన చిట్కాలన్నీ చేసేసి, చివరికి నా దగ్గరికి వస్తారు. ఆ చిట్కాల్లో చాలావరకు తప్పేమీ కాదు. కాకపోతే ఒక జబ్బు మందు ఇంకో జబ్బుకి వేస్తున్నారు. తెర మీద వచ్చే మాట మాత్రం అందరికీ ఒకటే:

```
The disk is write-protected.
Remove the write-protection or use another disk.
```

రాత రక్షణ తీసెయ్యమంటుంది. ఎక్కడ తియ్యాలో, ఎవరు పెట్టారో చెప్పదు. ఫ్లాపీలు వాడిన రోజుల్లో ఈ మాట సరిగ్గా సరిపోయేది, ఎందుకంటే ఫ్లాపీ మూలన చిన్న మీట ఉండేది. ఇప్పుడు మనం వాడే పెన్‌డ్రైవ్‌లలో నూటికి తొంభై పైగా అలాంటి మీటే లేదు. అందుకే నేను ముందు మందు గురించి ఆలోచించను. వద్దంటున్నది ఎవరు అని చూస్తాను. కార్డుకీ మనకీ మధ్య ముగ్గురున్నారు. కార్డు దూర్చే సాకెట్ ఒకటి, కంప్యూటర్ లేదా ఫోన్ ఒకటి, కార్డు లోపలి కంట్రోలర్ అనే చిన్న చిప్ ఒకటి. ఈ ముగ్గురిలో ఎవరు వద్దన్నా మనకు కనబడే మాట అదే.

ఎవరో తెలుసుకోవడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. చోటు మార్చి చూస్తే చాలు. వేరే రీడర్లో పెడితే రాస్తోందంటే తప్పు మొదటి రీడర్‌ది. వేరే కంప్యూటర్లో రాస్తోందంటే తప్పు మొదటి కంప్యూటర్‌ది. ఎక్కడికెళ్లినా మొండికేస్తోందంటే కార్డే వద్దంటోంది. ఈ పరీక్షకు పది నిమిషాలు పడుతుంది. దాని తరవాత చెయ్యాల్సిన పని మూడు సందర్భాల్లోనూ మూడు రకాలు.

సాకెట్ సంగతి తేలిక. పెద్ద ఎస్‌డీ కార్డుని, అంటే కెమెరాల్లో వాడే సైజుదాన్ని, పేరున్న వైపు మనకు కనబడేలా, బంగారు రంగు కాంటాక్టుల అంచు పైకి ఉండేలా పట్టుకోండి. ఎడమ అంచున బియ్యపు గింజంత ప్లాస్టిక్ మీట ఉంటుంది. అది పైకి, కాంటాక్టుల వైపు ఉంటే రాయొచ్చు. కిందికి జరిగితే లాక్. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, ఈ మీటకు కార్డు లోపల ఏ వైరుతోనూ సంబంధం లేదు. మీట కింద ఉందో పైన ఉందో కార్డుకి తెలియనే తెలియదు. సాకెట్ లోపల ఉన్న ఒక సన్నని లోహపు రేకు ఆ మీటను తాకి చూసి, ఇది లాక్ అని కంప్యూటర్‌కి చెబుతుంది. ఆ మాట విని రాయకుండా ఆగిపోయేది కంప్యూటరే. ఆ రేకు లేని రీడర్లు కూడా ఉన్నాయి. వాటిలో లాక్ వేసిన కార్డు మీద కూడా హాయిగా రాసుకోవచ్చు.

ఆడియో క్యాసెట్లు వాడినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. క్యాసెట్ పై అంచున చిన్న ప్లాస్టిక్ పలుకు విరగ్గొడితే టేప్ రికార్డర్‌లో రికార్డు బటన్ కిందికి దిగేది కాదు. తరవాత మనసు మారితే ఆ కన్నం మీద సెల్లోటేప్ ముక్క అంటించి మళ్లీ రికార్డు చేసుకునేవాళ్లం. ఎస్‌డీ కార్డుకీ అదే సూత్రం. మీట విరిగి ఊడిపోతే అక్కడ గాడి మిగులుతుంది. గాడి ఖాళీగా కనబడితే సాకెట్ దాన్ని లాక్ కిందే లెక్క వేస్తుంది. గాడి మీద పల్చటి టేప్ ముక్క అంటిస్తే మళ్లీ రాయనిస్తుంది. టేప్ అంచు లేవకుండా, వెనకవైపు కాంటాక్టుల మీదికి రాకుండా చూసుకోవాలి. లేకపోతే కార్డు సాకెట్లో ఇరుక్కుపోతుంది. టేప్‌తో పని జరిగాక ఫోటోలు వేరేచోటికి కాపీ చేసుకుని, ఆ కార్డుని ముఖ్యమైన పనులకు వాడకపోవడం మంచిది.

మా దగ్గర ఎక్కువగా కనబడేది కార్డు లాక్ కాదు, అడాప్టర్ లాక్. ఫోన్ చిప్పుకు, అంటే మైక్రో ఎస్‌డీకి, అసలు మీటే ఉండదు. దాన్ని పెద్ద కార్డులా మార్చే ప్లాస్టిక్ అడాప్టర్‌కి ఉంటుంది. చవక అడాప్టర్లలో ఆ మీట వదులుగా ఉంటుంది. లాప్‌టాప్‌లోకి తోసేటప్పుడు సాకెట్ అంచు తగిలి కిందికి జారిపోతుంది. బయటికి తీసి చూస్తే పైకే ఉన్నట్టుంటుంది, లోపలికి వెళ్లగానే లాక్ పడుతుంది. మొన్న ఒక ఫోటో స్టూడియో కుర్రాడు ఇదే సమస్యతో రెండు రోజులు తిరిగాడు. అడాప్టర్ పక్కన పెట్టి చిప్పుని నేరుగా చిన్న యూఎస్‌బీ రీడర్లో పెట్టాం. అంతే, రాసేసింది. ఏ కార్డు పెట్టినా లాక్ అంటున్న లాప్‌టాప్ అయితే సాకెట్లోని రేకు వంగి ఉంటుంది, లేదా దుమ్ము పట్టి ఉంటుంది. దాన్ని పుల్లతో కెలకకండి. రేకు విరిగితే సాకెట్ మొత్తం మార్చాలి, పైగా నూటయాభై రూపాయల రీడర్ కొంటే ఆ సాకెట్‌తో పనే ఉండదు.

రెండో మనిషి కంప్యూటర్. ఒక టీచర్ గారు ప్రశ్నపత్రాలున్న పెన్‌డ్రైవ్ తెచ్చారు. ఇంట్లో బాగానే పనిచేస్తుంది, స్కూల్లో మాత్రం రాయనివ్వదు, పెన్‌డ్రైవ్ పాడైందని కొత్తది కొనమంటున్నారు అన్నారు. ఆవిడ చెప్పిన మొదటి మాటలోనే జవాబు ఉంది. ఇంట్లో పనిచేసే పెన్‌డ్రైవ్ చెడిపోయినది కాదు. "మేడమ్, కొత్తది కొన్నా ఆ కంప్యూటర్ దాన్నీ రాయనివ్వదు. ఇంకో పెన్‌డ్రైవ్ ఏదైనా తీసుకెళ్లి పెట్టి చూడండి" అన్నాను. మర్నాడు ఫోన్ చేసి, పెట్టినవన్నీ అలాగే అంటోందని చెప్పారు.

విండోస్‌లో యూఎస్‌బీ పరికరాల మీద రాయకుండా ఆపే సెట్టింగ్ ఒకటుంది. 2004లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్‌తో అది మొదలైంది. సమాచారం బయటికి పోకుండా ఆఫీసుల్లో పెడతారు. వైరస్ ఒక పెన్‌డ్రైవ్ నుంచి ఇంకోదానికి ఎక్కకుండా కొందరు ల్యాబుల్లో పెడతారు. పెట్టినవాళ్లు ఉద్యోగం మారిపోతారు, సెట్టింగ్ ఉండిపోతుంది. అది ఉందో లేదో తెలుసుకోవడానికి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ వరుస కొట్టాలి:

```
reg query HKLM\SYSTEM\CurrentControlSet\Control\StorageDevicePolicies
```

ఆ పేరుతో ఏమీ దొరకలేదని జవాబు వస్తే మంచిదే. మామూలు కంప్యూటర్లో అది ఉండదు. దొరికి, అందులో `WriteProtect` ఎదురుగా `0x1` అని కనబడితే దొంగ దొరికినట్టే. `regedit` తెరిచి ఆ 1ని 0 చేసి, కంప్యూటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే సరిపోతుంది. సొంత కంప్యూటర్ అయితేనే ఈ పని చెయ్యండి. ఆఫీసుదో స్కూలుదో అయితే పెట్టినవాళ్లకు కారణం ఉండొచ్చు, చూసుకునేవాళ్లను అడగడమే పద్ధతి. ఆ టీచర్ గారి విషయంలో నేను అదే చెప్పాను.

కంప్యూటర్ వద్దనడానికి ఇంకా చిన్న కారణాలు కొన్ని ఉన్నాయి. వాటిని రాత రక్షణ అనుకుని కంగారు పడుతుంటారు. మ్యాక్ కంప్యూటర్ ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌ని చదువుతుంది గానీ రాయదు. ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్ 4 జీబీని మించిన సినిమా ఫైల్‌ని తీసుకోదు, ఎంత చోటున్నా సరే. లినక్స్ అయితే ఫైళ్ల పట్టికలో తేడా కనబడగానే తనంతట తానే రాయడం ఆపేస్తుంది. ఇవేవీ కార్డు చావుకు గుర్తులు కావు.

ఇక మూడో మనిషి. పేచీ అంతా ఇక్కడే. సాకెట్ మార్చినా, కంప్యూటర్ మార్చినా, ఫోన్ మార్చినా ఒకే సమాధానం వస్తుంటే ఆ సమాధానం కార్డు లోపలినుంచి వస్తోంది. విండోస్‌లో దాన్ని ఖాయం చేసుకోవడానికి ఒక దారుంది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇవి ఒక్కొక్కటిగా కొట్టాలి:

```
diskpart
list disk
select disk 1
attributes disk
```

ఇక్కడ ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. 1 అన్నది ఉదాహరణకు రాశాను. `list disk` చూపించే పట్టికలో సైజుని బట్టి మీ డ్రైవ్ ఏదో గుర్తుపట్టాలి. 32 జీబీ కార్డు అక్కడ 29 జీబీగా కనబడుతుంది, అది మామూలే. చాలా చిట్కాల్లో ఈ నాలుగు వరుసల తరవాత `clean` అని కొట్టమంటారు. అది ఎంచుకున్న డ్రైవ్‌ పట్టికను తుడిచేస్తుంది. నంబర్ ఒక్కటి తప్పితే వేరే డిస్కు మొత్తం ఖాళీగా కనబడొచ్చు. అలా పోగొట్టుకుని ఏడుస్తూ వచ్చినవాళ్లను చూశాను. కాబట్టి చూడటం వరకే ఆగండి. జవాబులో మొదటి రెండు వరుసలు మనకు కావాలి:

```
Current Read-only State : Yes
Read-only  : No
```

రెండో వరుస విండోస్ పెట్టుకున్న గుర్తు. మొదటి వరుస ప్రస్తుతం ఉన్న నిజం. రెండో వరుసలో కూడా `Yes` ఉంటే అది విండోస్ పెట్టినదే, `attributes disk clear readonly` అని కొడితే పోతుంది. పైన చూపినట్టు, నేను వద్దనలేదు అని విండోస్ చెబుతూ, అయినా రాయడం కుదరదు అంటోందంటే, వద్దన్నది అవతలివైపు. లాక్ మీట కాదని, రిజిస్ట్రీ సెట్టింగ్ కాదని ముందే తేల్చుకున్నాం గనుక మిగిలింది కంట్రోలరే. లినక్స్ వాడేవాళ్లకు ఇంకా సూటిగా తెలుస్తుంది. డ్రైవ్ గుచ్చి `dmesg` అని కొడితే `Write Protect is on` అని ఒక వరుస వస్తుంది. యూఎస్‌బీ డ్రైవ్ తగిలించగానే కంప్యూటర్ దాన్ని ఒక ప్రశ్న అడుగుతుంది, నీ మీద రాయొచ్చా అని. దానికి డ్రైవ్ స్వయంగా ఇచ్చిన జవాబు అది. ఆ జవాబు మార్చే కమాండ్ ఏదీ విండోస్‌లో లేదు, లినక్స్‌లోనూ లేదు.

ఎస్‌డీ కార్డుల్లో ఇంకో రెండు గుర్తులు కూడా ఉంటాయి. కార్డు తన గురించి తాను రాసుకునే చిన్న పట్టికలో తాత్కాలిక రాత నిషేధానికి ఒకటి, శాశ్వత నిషేధానికి ఒకటి ఉంటాయి. శాశ్వతం ఒకసారి పడితే ఎవరూ తియ్యలేరు. పాటలో మ్యాపులో నింపి అమ్మే కార్డులకు పనికొస్తుందని పెట్టిన ఏర్పాటు ఇది. మామూలు వాడకంలో అవి పడటం చాలా అరుదు కాబట్టి నేను వాటిని చివరికే వదిలేస్తాను.

మరి కంట్రోలర్ ఎందుకు వద్దంటుంది? లోపల ఏం జరుగుతోందో కొంచెం దగ్గరగా చూద్దాం.

ఫ్లాష్ మెమరీలో సమాచారం కోట్ల కొద్దీ చిన్న గదుల్లో విద్యుదావేశం రూపంలో ఉంటుంది. ఒక గదిలో రాయాలంటే ఎలక్ట్రాన్లను ఒక పల్చటి పొర దాటించి లోపల బంధించాలి. తుడవాలంటే ఎక్కువ వోల్టేజీ పెట్టి బయటికి లాగాలి. దాటిన ప్రతిసారీ ఆ పొర కాస్త దెబ్బతింటుంది. ఒకే చోట రబ్బరుతో చెరిపి చెరిపి రాస్తే కాగితం పలచబడి చిరిగినట్టు. పైగా ఒక గదిలో ఎన్ని అంకెలు ఇమిడిస్తే ఓర్పు అంత తగ్గుతుంది. మొదట్లో గదికి ఒక్క బిట్ పెట్టేవారు, అవి లక్ష సార్లదాకా తట్టుకునేవి. చవక కార్డుల్లో ఇప్పుడు గదికి మూడు బిట్లు, అంటే ఎనిమిది మెట్ల వోల్టేజీని ఒకదానికొకటి కలవకుండా గుర్తుపట్టాలి. ఇవి సుమారుగా వెయ్యి సార్లు తుడిచి రాసేదాకా వస్తాయి.

ఇంకో చిక్కుంది. రాయడం చిన్న చిన్న ముక్కలుగా చెయ్యొచ్చు గానీ, తుడవడం మాత్రం వందల ముక్కలున్న పెద్ద బ్లాక్‌ని ఒకేసారి తుడవాల్సిందే. అందుకే కంట్రోలర్ పాతదాని మీద రాయదు. కొత్త చోట రాసి, ఏ ముక్క ఎక్కడుందో తన పుస్తకంలో మార్చుకుంటుంది. పాత ఊళ్లలో ఏ పొలం ఎవరిదో కరణంగారి దస్తరంలో ఉండేది. పొలం అక్కడే ఉన్నా దస్తరం పోతే ఎవరిదో ఎవరికీ తెలియదు. కార్డులోనూ అంతే. ఆ దస్తరం కూడా అదే ఫ్లాష్‌లో ఉంటుంది, అదీ అరుగుతుంది. చెడిపోయిన బ్లాకుల బదులు వాడటానికి కొన్ని అదనపు బ్లాకులు ఫ్యాక్టరీలోనే పక్కన పెడతారు. ఆ అదనపువి అయిపోయిన రోజున, లేదా దస్తరం మార్చబోతే రాత నిలవని రోజున, కంట్రోలర్ ఒక నిర్ణయం తీసుకుంటుంది. ఇక రాస్తే ఉన్నది కూడా పోతుంది, కాబట్టి చదవడం మాత్రమే. అది చెడిపోయినప్పుడు చెయ్యమని ఇంజనీర్లు పెట్టిన ఏర్పాటు. ఫోటోలు తీసుకోవడానికి మనకిచ్చిన ఆఖరి అవకాశం.

ఈ నిర్ణయాన్ని డ్రైవ్‌లు రెండు రకాలుగా చెబుతాయి. పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా పైకే చెబుతాయి, పైన చూసిన `Yes` అదే. మైక్రో ఎస్‌డీ కార్డుల్లో కొన్ని చెప్పవు. రాయమని పంపిందంతా తీసుకుంటాయి, సరే అంటాయి, లోపల పారేస్తాయి. ఇలాంటి కార్డుకి `attributes disk` కొడితే రెండు వరుసల్లోనూ `No` వస్తుంది, అంతా బాగున్నట్టే కనబడుతుంది. నా మేనకోడలి కార్డు ఈ రకం.

దాన్ని ఎలా పట్టుకున్నానో చెబుతాను, ఇంట్లోనే చెయ్యొచ్చు గనుక. చిప్పుని చిన్న రీడర్లో పెట్టి, నోట్‌ప్యాడ్‌లో ఆ రోజు తారీఖు రాసి, `test-card.txt` అనే పేరుతో కార్డులో సేవ్ చేశాను. ఫైల్ కనబడింది. తెరిస్తే తారీఖు కూడా ఉంది. "చూశావా మామయ్యా, బానే రాస్తోంది" అంది మేనకోడలు. ఇక్కడే చాలామంది మోసపోతారు. అప్పుడే రాసిన ఫైల్‌ని కంప్యూటర్ కార్డునుంచి చదివి చూపించకపోవచ్చు. తన మెమరీలో ఉన్న నకలునే చూపిస్తుంది. అందుకే రీడర్‌ని పద్ధతిగా ఎజెక్ట్ చేసి, బయటికి లాగి, పది సెకన్లు ఆగి, వేరే లాప్‌టాప్‌లో గుచ్చాను. `test-card.txt` లేదు. ముందురోజు ఆ అమ్మాయి తీసేసిన బొమ్మలన్నీ ఉన్నాయి. ఒక ఫోటో తీసేసి మళ్లీ అదే చేశాను. ఆ ఫోటో తిరిగొచ్చింది. కార్డులోని కొత్త ఫోటో తారీఖు చూస్తే 19 రోజుల కిందటిది. ఆ తరవాత తీసినవేవీ లేవు. అంటే కార్డు తలుపులు మూసుకున్నది ఆ రోజునే. ఆ తరవాతి 19 రోజులూ ఫోన్ దానికి ఇచ్చిందంతా గాలికి పోయింది.

నకిలీ కార్డులు కూడా సరే అని పారేస్తాయి కాబట్టి దానికీ దీనికీ తేడా చెప్పాలి. 128 జీబీ అని ముద్రేసి లోపల 8 జీబీ పెట్టిన కార్డులో మొదట రాసినవి బాగానే ఉంటాయి, నిజమైన చోటు నిండాక వేసినవి తెరుచుకోవు. అందులో తీసేసిన ఫైల్ తిరిగి రాదు. తీసేసింది తిరిగొస్తే అది చదవడానికే పరిమితమైన కార్డు.

కొని ఏడాదే కదా, అప్పుడే ఎలా అరిగిందని మా అక్క అడిగింది. బావని అడిగితే సంగతి తెలిసింది. ఆ చిప్పు కొన్నది కొట్టులో పెట్టిన వైఫై కెమెరాకి. రెండేళ్ల దాకా అందులోనే ఉంది. కెమెరాకి పెద్దది కొన్నాక దీన్ని ఫోన్లో వేశారు. అక్క దృష్టిలో దాని వయసు ఫోన్లో వేసిన రోజు నుంచి. లెక్క వేసి చూపించాను. అలాంటి కెమెరా సెకనుకి 4 మెగాబిట్లు రాస్తుందనుకుందాం, అంటే అర మెగాబైట్. రోజుకి 86,400 సెకన్లు గనుక 43 జీబీ అవుతుంది. 32 జీబీ కార్డు రోజుకి ఒకటింబావు సార్లకు పైగా నిండి, తుడుచుకుని, మళ్లీ నిండుతుంది. వెయ్యి సార్ల ఓర్పున్న కార్డుకి అది రెండేళ్ల ఆయుష్షు. కంట్రోలర్ తన దస్తరం కోసం, ముక్కలు సర్దడం కోసం చేసే రాతలు కలిపితే ఇంకా తక్కువే. కార్డు మొత్తం ఓర్పు కెమెరాలోనే ఖర్చయిపోయింది. ఫోన్లో అన్నాళ్లు బతకడమే ఎక్కువ. కెమెరాలకు, కారు డాష్‌క్యామ్‌లకు హై ఎండ్యూరెన్స్ అని రాసి ఉన్న కార్డులు వేరుగా అమ్ముతారు, వాటికి కొంచెం ఎక్కువ పెట్టొచ్చు. కెమెరాలో వాడి తీసిన కార్డుని మాత్రం ఇంట్లో జ్ఞాపకాలు దాచే పనికి వెయ్యకండి.

రోగం తెలిసాక వైద్యం గురించి అడుగుతారు. కార్డుకి వైద్యం లేదు. రాత రక్షణ తొలగిస్తామని చెప్పే సాఫ్ట్‌వేర్లు ఊరికే దొరుకుతాయి. అవి చేసేది పైన చెప్పిన రిజిస్ట్రీ, `diskpart` పనులే. కంట్రోలర్‌లోని ప్రోగ్రామ్‌ని మళ్లీ ఎక్కించే ఫ్యాక్టరీ సాధనాలు కూడా బయట తిరుగుతుంటాయి. సరిగ్గా అదే కంట్రోలర్‌ది అయితే అవి ఒక్కోసారి పెన్‌డ్రైవ్‌ని మళ్లీ రాసేలా చేస్తాయి, నిజమే. కానీ ముందుగా అందులో ఉన్నదంతా పోతుంది. గదుల అరుగుదల మాత్రం అలాగే ఉంటుంది. పైగా అవి దొరికే సైట్లలో వైరస్ బెడద ఎక్కువ. మూడు వందల రూపాయల డ్రైవ్ కోసం ఆ పని నేను చెయ్యను, ఎవరినీ చెయ్యమనను.

చెయ్యాల్సింది ఒకటే, ఉన్నది బయటికి తీసుకోవడం. అదీ ఆరోజే. చదవడానికే పరిమితమైన కార్డు ఎల్లకాలం చదవనిస్తుందన్న హామీ లేదు. అరిగిన పొరలోంచి ఆవేశం నెమ్మదిగా కారిపోతూనే ఉంటుంది. మా కార్డులో `DCIM` ఫోల్డర్ 11 జీబీ ఉంది, నా కంప్యూటర్లోకి కాపీ అవడానికి పది నిమిషాలు పట్టింది. ఒక్క ఫైల్ కూడా తప్పు చూపలేదు. ఫంక్షన్ ఫోటోలు తెరిచి చూసి, ఇంకో హార్డ్ డిస్కులోకి రెండో నకలు తీశాక గానీ మా అక్క మొహంలో నవ్వు రాలేదు. కాపీ మధ్యలో ఆగిపోయే కార్డు అయితే `chkdsk` జోలికి వెళ్లకుండా, లినక్స్‌లోని `ddrescue` వాడతాను. అది చదవగలిగిన చోట్లను ముందు తీసుకుని, కష్టమైన చోట్లను చివరికి ఉంచుతుంది. ఆండ్రాయిడ్‌లో కార్డుని ఫోన్ సొంత స్టోరేజీగా కలిపేసి ఉంటే మాత్రం వేరే ఏ కంప్యూటర్లోనూ చదవలేం, ఆ ఫోన్ లోంచే తీసుకోవాలి.

ఫోటోలు దక్కాక బావ ఒక మాట అన్నాడు. "వారంటీ ఉందిగా బావమరిదీ, కంపెనీకి పంపి కొత్తది తెచ్చుకుందాం." వారంటీ ఉన్నమాట నిజమే, మారుస్తారు కూడా. కానీ రాయనివ్వని కార్డుకి ఇంకో గుణం ఉంది, తుడవనివ్వదు కూడా. ఫార్మాట్ చేసినా ఒక్క ఫోటో పోలేదని ఆయనే స్వయంగా చూశాడు. ఆ కార్డు ఎవరి చేతికి వెళ్తే వాళ్లకు ఇంటి ఆడపిల్లల ఫోటోలు, ఆధార్ కార్డు నకళ్లు, బ్యాంకు పాస్‌బుక్ ఫోటో అన్నీ అందుబాటులో ఉంటాయి. అది చెప్పేసరికి బావ ఇంకేం మాట్లాడలేదు.

పెన్‌డ్రైవ్ అయితే పై ప్లాస్టిక్ విరగ్గొడితే చాలదు, లోపల బోర్డు మీద ఉన్న పెద్ద నల్ల చిప్‌ని పగలగొట్టాలి, ఫైళ్లు ఉండేది అందులోనే. మైక్రో ఎస్‌డీలో మొత్తం కార్డే చిప్. రేకు కోసే కత్తెర తీసి మేనకోడలి చేతికిచ్చాను. ముక్కలు ఎగిరి కంట్లో పడకుండా గుడ్డలో చుట్టి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కోసింది. నాలుగు ముక్కల్నీ ఎలక్ట్రానిక్ చెత్త డబ్బాలో వేసి, కొత్త కార్డు కొనుక్కుని వెళ్లింది. దాని మీద కొన్న తారీఖు మార్కర్‌తో రాయించాను.